కవరింగ్ నోటులో ‘నేను’

మా ఆఫీసులో రిపోర్టు ఎవరూ చదవరు. కడుపుమంటతో అంటున్న మాట కాదిది, తొమ్మిదేళ్ళుగా రాస్తున్నదాన్ని కాబట్టి తెలిసి అంటున్నాను. మూడు నెలలకోసారి పట్టికలు, గ్రాఫులు, ఫొటోలతో లావుపాటి రిపోర్టు తయారవుతుంది. అందరూ చదివేది మాత్రం దాని పైన గుచ్చిన ఒక్క కాగితాన్ని. దాన్ని కవరింగ్ నోటు అంటాం. ఈ మూడు నెలల్లో ఏం తేలింది, తేలినదాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్న రెండు ముక్కలు డైరెక్టర్ గారికి చెప్పడానికి నేను రాసే ఉత్తరం అది. పేజీ దాటితే ఆయన వెనక్కి పంపేస్తారు.

మాది మిరప రైతుల చేత పురుగుమందుల వాడకం తగ్గింపజేయాలని పనిచేసే ఒక సంస్థ. గుంటూరులో ఒక పాత మేడ మీద ఆఫీసు. కింద వరసగా పురుగుమందుల షాపులే. మా సంస్థకు ఆ మేడే దొరకాలా అని కొత్తగా వచ్చిన వాళ్ళందరూ ఒకసారి నవ్వుతారు, తర్వాత అలవాటైపోతుంది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మాకు ఎనిమిది క్లస్టర్లు ఉన్నాయి. క్లస్టరంటే నాలుగైదు ఊళ్ళు. ఒక్కో దానికి ఒక్కో కార్యకర్త. పదిహేను రోజులకోసారి వాళ్ళు రైతుల దగ్గరికి వెళ్ళి, ఫోనులో ఉన్న ఫారం చూసి ప్రశ్నలడిగి, జవాబులు నింపి పంపుతారు. వాటిని కూడి, తీసి, పోల్చి చెప్పడం నా ఉద్యోగం. అనలిస్టు అంటారు. మా అత్తగారు మాత్రం ఇప్పటికీ చుట్టాలకు నన్ను కంప్యూటర్ టీచరనే చెబుతుంది.

ఆ జనవరిలో నా దగ్గరికి వచ్చిన అంకెలు చూసి నాకు కాలు నిలవలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మిరప తోటకు అసలైన గండం. పూత మీద నల్ల తామర పురుగు పడితే రైతుకు కంటి మీద కునుకుండదు, భుజాన మందు కొట్టే పంపు దిగదు. అలాంటి మూడు నెలల్లో రైతులు పిచికారీలు చేసిన లెక్క, అంతకు ముందు ఏడాది అవే మూడు నెలలతో పోలిస్తే, దాదాపు సగానికి పడిపోయింది. ఎనిమిది క్లస్టర్లలో ఏడింట ఇదే తీరు. ఒక్కదాంట్లో మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు.

నోటు గంటలో రాసేశాను. మొదటి వాక్యం ఇప్పటికీ గుర్తుంది: “ఒక్క క్లస్టర్ మినహా అన్ని చోట్లా పిచికారీలు సగానికి తగ్గాయి.” అడుగున, ఎప్పుడూ రాసే వాక్యమే మళ్ళీ అతికించాను: “ఈ సమాచారం రైతులు నోటితో చెప్పినది, కొన్ని పరిమితులు ఉండవచ్చు.” ఉండవచ్చట! ఏ పరిమితులు, ఎంత, ఎక్కడ అని నన్ను నేను ప్రశ్నించుకోలేదు. అన్నం చివర మజ్జిగ పోసుకున్నట్టు ఆ వాక్యం నోటు చివర పోయడం అలవాటైపోయింది నాకు.

డైరెక్టర్ గారు వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. కోపం ముక్కు మీద ఉంటుంది గానీ మనసులో ఏదీ దాచుకోరు. నోటు చదివి నన్ను పిలిచారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. మాకు నిధులిచ్చే సంస్థ వాళ్ళు వచ్చే శుక్రవారం వస్తున్నారని, ఈ సంగతి పొద్దున్నే వాళ్ళకు ఫోన్లో చెప్పేశానని అన్నారు. తర్వాత ఆ మినహాయింపు క్లస్టర్ మీద వేలు పెట్టారు. అక్కడి కార్యకర్తకు మార్చితో గడువైపోతుంది, పొడిగించొద్దన్నారు. ఏడుగురు చేయగలిగింది ఆవిడెందుకు చేయలేకపోయిందన్నారు. మాట్లాడుతూనే డైరీలో రాసేసుకున్నారు.

నేను కాదనలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ అమ్మాయి మీద ఒళ్ళు మండింది. అంత మంచి రిపోర్టుకు పంటి కింద రాయిలా ఆ ఒక్క క్లస్టర్! కానీ గుమ్మం దాకా వచ్చాక కాళ్ళు ఆగాయి. రాసింది నేను. నేను రాసిన ‘మినహా’ అన్న ఒక్క మాట మీద ఒక మనిషి ఉద్యోగం పోతోంది, ఆ మనిషి ముఖమైనా నాకు సరిగ్గా గుర్తు లేదు. వెనక్కి తిరిగి, తీసేసే ముందు ఒకసారి వెళ్ళి చూసొస్తానన్నాను. బుధవారంలోగా తుది నోటు నా బల్ల మీద ఉండాలి అన్నారాయన.

సోమవారం పొద్దున్నే బస్సెక్కాను. దిగేసరికి రోడ్డు మీద ఆ అమ్మాయి స్కూటీతో నిలబడి ఉంది. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో. బక్కగా, తల మీద ముసుగు, చేతిలో ఫోను, భుజాన సంచి. వాళ్ళ నాన్న ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడట. భర్త చీరాలలో మరమగ్గాల మీద పని చేసి వారానికోసారి వస్తాడట. ఇవన్నీ స్కూటీ వెనక కూర్చున్న నాకు గాలికి సగం వినబడీ సగం వినబడకా చెప్పింది. నేను ఊ కొడుతూ, ముందు గట్టిగా నాలుగు చీవాట్లు ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

పెట్టాను కూడా. పొలం గట్టు మీద దిగగానే, మిగతా ఏడు క్లస్టర్లలో సగానికి తగ్గితే నీ దగ్గర ఎందుకు తగ్గలేదు, రైతుల దగ్గరికి అసలు వెళ్తున్నావా, ఇంట్లో కూర్చుని పోయినేటి అంకెలే నింపుతున్నావా అని కడిగేశాను. ఆ అమ్మాయి ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. కాసేపు నా వైపు చూసి, “నన్ను తీసేస్తున్నారా మేడం?” అని మాత్రం అడిగింది.

నేను చూపు చేలోకి తిప్పుకున్నాను. అదే జవాబైపోయింది. తీసేస్తే మళ్ళీ మిరప కోతలకు పోవాల్సిందేనని తనే అంది. కోతలంటే కష్టమని కాదట. సాయంత్రానికి చేతులు భగభగ మండుతుంటాయి, ఎన్నిసార్లు కడిగినా ఆ ఘాటు పోదు, ఇంటికి పోయి పాపను ముట్టుకోడానికి ఉండదు. పోయిన సారి మర్చిపోయి పాప ముఖం తుడిస్తే తెల్లార్లూ ఏడ్చిందట. ఈ పని వచ్చాక పాపకు తనే రెండు జడలు వేస్తోంది. అంతే చెప్పింది. నా చీవాట్లలో మిగిలిన సగం నా నోట్లోనే ఉండిపోయింది.

ఆ చేను యాభై దాటిన రైతుది. తలకు తుండు చుట్టుకుని నీళ్ళు పారే బోదె పక్కన కూర్చుని ఉన్నాడు. ఈ అమ్మాయిని చూడగానే, వచ్చావూ, నా పాపాలు రాయడానికి అన్నాడు నవ్వుతూ. మామూలుగా అడిగినట్టే అడగమని, నేను పక్కన కూర్చున్నాను. ఆ అమ్మాయి ఫోను తీసి, ఫారంలో ఉన్న ప్రశ్న అక్షరం పొల్లు పోకుండా చదివింది. “ఈ పదిహేను రోజుల్లో మందు ఎన్నిసార్లు కొట్టారు?”

ఏ మందు సంగతి అని ఆయన నా ముందే చమత్కారమాడి, తర్వాత, ఒక్కసారేనమ్మా అన్నాడు.

ఆమె ఆ జవాబు నొక్కలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుంది. “బాబాయ్, పంపు ఎన్ని రోజులు భుజానికెక్కింది?” అని అడిగింది.

ఆయన వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. ముసురు పట్టిన మర్నాడు ఒకసారి. బావమరిది వచ్చిన రోజు ఒకసారి. షాపాయన కొత్తది వచ్చిందంటే తెచ్చి కొట్టింది ఒకసారి. అవతల నీళ్ళు పెడుతున్న ఆయన భార్య, మొన్న ఆదివారం కొట్టింది మర్చిపోయావేం అని అరిచింది. నాలుగు తేలాయి.

నేనుండబట్టలేక, మరి ఒక్కసారేనన్నారుగా అన్నాను.

“మందు ఒక్కసారేనండి. తక్కినయ్యన్నీ బయోలు,” అన్నాడు. బయోలు మందులెట్లా అవుతాయని నన్నే ఎదురడిగాడు. ఊళ్ళో చిన్నపిల్లాడినడిగినా చెబుతాడట.

బయోలంటే ఏమిటో ఈ నేల మీద పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. జీవసంబంధమైన మందులన్న పేరుతో షాపుల్లో అమ్మే సీసాలు, డబ్బాలు. కొన్ని నిజంగా ఆ రకానివే. కొన్నింట్లో ఏముందో డబ్బాకీ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. అసలైన పురుగుమందే కలిపి ఉండొచ్చు, లేకపోనూవచ్చు. పరీక్షకు పంపితే తప్ప తేలదు. రైతు మాత్రం వాటిని మందుల లెక్కలో వెయ్యడు. మందు వేరు, బయో వేరు. అబద్ధం కాదది. ఆ మాటకు ఇక్కడ ఉన్న అర్థమే అది.

అంతకు నెల రోజుల ముందే మా తమ్ముడి ఇంట్లో భోజనం చేస్తున్నాను. వాడికి నాలుగెకరాల మిరప ఉంది. మందు కొట్టడం బాగా తగ్గించానక్కా, ఇప్పుడన్నీ బయోలే అని వాడు నాతో గొప్పగా చెబితే, మంచి పని చేశావురా అని మెచ్చుకుని ఇంకో గరిటె పప్పు వేయించుకున్నాను. ఆ మాట చెవిన పడ్డ మనిషినే నేను. మిరప చేలో పుట్టి పెరిగినదాన్ని. ఫారంలో ఆ ప్రశ్న పెట్టింది కూడా నేనే.

అవును. అంతకు ముందు ఏడాది ఆ ప్రశ్న వేరేగా ఉండేది. “ఈ పదిహేను రోజుల్లో పంపు ఎన్నిసార్లు చేలోకి దించారు? దించిన ప్రతిసారీ ఏ డబ్బా పోశారు?” అని రెండు వాక్యాలు. చాలా పొడుగుంది, అడగలేకపోతున్నామని కార్యకర్తలు మొత్తుకుంటే, సెప్టెంబరులో నేనే దాన్ని కత్తిరించి, ‘ఈ పదిహేను రోజుల్లో’ అన్నది పోను, “మందు ఎన్నిసార్లు కొట్టారు?” అని ముచ్చటగా మూడు మాటలు చేశాను. చిన్నగా, అందంగా ఉందని మురిసిపోయాను కూడా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల!

అంటే ఏడు క్లస్టర్లలో తగ్గింది పిచికారీ కాకపోవచ్చు. తగ్గింది మా ప్రశ్న. ఈ ఒక్క అమ్మాయి మాత్రం ప్రశ్నను పక్కన పెట్టి పంపును లెక్కపెట్టింది. అందుకని ఆమె అంకె తగ్గలేదు. అందుకని ఆమె ఉద్యోగం పోబోతోంది.

ఇట్లా మార్చి అడుగుతున్నట్టు మాకెందుకు చెప్పలేదు అన్నాను. ఈసారి నా గొంతు బాగా తగ్గింది. ఆమె ఆశ్చర్యంగా చూసింది. “రాశానుగా మేడం, రిమార్కుల్లో. చూళ్ళేదా?”

చూశాలే అన్నాను. అబద్ధం.

రిమార్కుల సంగతి కూడా చెప్పాలి. ఫారం చివర ఇంకేమైనా చెప్పాలనుకుంటే రాయమని ఒక ఖాళీ గడి ఉంటుంది. కార్యకర్తలు అందులో తెలుగులో రాస్తారు. ఆ సమాచారాన్ని దించుకుని నా కంప్యూటర్లో తెరిస్తే, తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. వరసగా ప్రశ్నార్థకాలు, కాలమ్ పొడుగునా. సరిచేసే దారి ఉంది, పది నిమిషాల పని. నేను ఆ పది నిమిషాలు కూడా పెట్టకుండా, చెత్త అనుకుని ప్రతిసారీ కాలమ్ మొత్తం చెరిపేసేదాన్ని. తొమ్మిదేళ్ళ అనుభవం గల అనలిస్టును!

ఒక్క రైతు మాట పట్టుకుని రిపోర్టు తిరగరాయకూడదు. ఆ రోజంతా ఇద్దరం ఆ ఊళ్ళో ఇంకా కొన్ని చేలు తిరిగాం. నేను మూడు మాటల ప్రశ్న అడిగేదాన్ని, తర్వాత ఆమె పంపు ప్రశ్న అడిగేది. దాదాపు ప్రతిచోటా తేడా వచ్చింది. మర్నాడు నేనొక్కదాన్నే ‘సగానికి తగ్గిన’ పక్క క్లస్టర్‌కు పోయాను. అక్కడి కార్యకర్త మంచి కుర్రాడు, ఏమీ దాచలేదు. ఫారంలో ఉన్నదే అడిగానండి, వాళ్ళు చెప్పిందే రాశానండి అన్నాడు. అతని తప్పేమీ లేదు. గట్ల మీద బయోల డబ్బాలు పడి ఉన్నాయి, అతని లెక్కలో లేవు.

మంగళవారం మధ్యాహ్నం ఆఫీసుకొచ్చి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ రిమార్కుల కాలమ్ సరిచేసి తెరిచాను. ప్రశ్నార్థకాలు కరిగి అక్షరాలయ్యాయి. ఆ అమ్మాయి రాసినవి వరసగా కనబడ్డాయి. అక్టోబరు మొదటి పక్షంలోనే మొదటి మాట ఉంది: “మేడం గారికి, మందు అంటే రైతులు బయోలు చెప్పట్లేదు. నేను పంపు అడిగి రాస్తున్నాను. తప్పయితే ఫోన్ చేయండి.” తర్వాతి పక్షంలో అదే మాట. ఆ తర్వాత కూడా అదే. చివరికి డిసెంబరులో చిన్నదైపోయింది: “పంపు అడిగి రాశాను.” మూడు నెలలు ఆమె నాకు ఉత్తరం రాసింది, నేను చెరిపేస్తూ పోయాను. ఫోన్ రాలేదు కాబట్టి తప్పు కాదనుకుంది పాపం. నా మీద నాకు ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను.

కూర్చుని నోటు కొత్తగా రాశాను. ఈసారి గంటలో కాలేదు.

మొదటి వాక్యంలోనే, పోయిన నోటులోని ‘సగానికి తగ్గాయి’ అన్న మాటను దయచేసి వాడవద్దని రాశాను. తర్వాత, నిలబడేవి ఏవో అవి రాశాను. నల్ల తామరను పట్టే నీలం జిగురు అట్టలు పోయినేటికంటే ఎక్కువ చేలలో కనబడ్డాయి. పురుగు లోపలికి రాకుండా చేను చుట్టూ జొన్న వేసినవాళ్ళూ పెరిగారు. ఇవి రైతు చెప్పగా రాసినవి కావు, కార్యకర్తలు కళ్ళతో చూసి లెక్కపెట్టినవి, రెండేళ్ళూ ఒకే తీరులో లెక్కపెట్టినవి. కాబట్టి చెప్పుకోవచ్చు. ఆ తర్వాత నిలబడనిది: పిచికారీల లెక్క. ప్రశ్న మారింది కాబట్టి ఈ ఏటి అంకెను పోయినేటి అంకెతో పోల్చకూడదు. ఏడు క్లస్టర్లలో బయోలు లెక్కలోకి రాలేదు, ఒక్కదాంట్లో వచ్చాయి, కాబట్టి ఈ ఎనిమిదింటిని ఒకదానితో ఒకటీ పోల్చకూడదు. అసలైన మందులు తగ్గి వాటి చోట బయోలు వచ్చాయా అంటే కావచ్చు. కానీ ఆ డబ్బాల్లో ఏముందో మనం పరీక్ష చేయించలేదు. కాబట్టి పిచికారీలు తగ్గాయని చెప్పలేం, తగ్గలేదనీ చెప్పలేం. నేను రెండు రోజుల్లో తిరిగి అడిగింది కొద్దిమందినే, అదీ దగ్గర్లో దొరికిన వాళ్ళని. దాన్ని మొత్తానికి అంటించవద్దు. చివర డైరెక్టర్ గారు తేల్చాల్సినవి రాశాను: పాత ప్రశ్న తిరిగి పెట్టాలి, ఈ అంకెల మీద ఎవరి పనినీ తూచకూడదు, ఎవరి ఉద్యోగాన్నీ తేల్చకూడదు. అంతా పేజీలో ఇరికించాను.

బుధవారం ఆయన చదువుతుంటే ఎదురుగా నిలబడ్డాను. కూర్చోమనలేదు. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. వారం కింద సగం తగ్గాయన్నది మీరే, ఇప్పుడు తెలియదంటున్నదీ మీరే, వాళ్ళకు ఫోన్ చేసి మరీ చెప్పిన నేను ఎల్లుండి ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలి అన్నారు. కేకలే వేశారు. కింద షాపుల వాళ్ళకు కూడా వినబడే ఉంటుంది.

నాకూ కోపమొచ్చింది. తప్పు నాదని తెలిసినప్పుడు వచ్చే కోపం ఒకటుంటుంది, అది ఇంకా పాడుది. “తెలియదన్న సంగతి ఇప్పుడే తెలిసిందండి. అదైనా ముందు మన నోట విననివ్వండి వాళ్ళని,” అన్నాను.

ఆయన మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, పెన్ను తీసి నోటులో రెండు చోట్ల సున్నాలు చుట్టారు. కాగితం నా వైపు తిప్పారు. ఒక సున్నా, “సెప్టెంబరులో ప్రశ్న కుదించబడింది” అన్న చోట. రెండోది, “రిమార్కుల కాలమ్ పరిశీలించబడలేదు” అన్న చోట. రెండు సున్నాల్లోనూ ఉన్నది ఆ ‘బడ’ అన్న ముక్కే.

“ఎవరమ్మా కుదించింది?” అన్నారు.

“నేనేనండి.”

“పరిశీలించనిది?”

“అదీ నేనే.”

“మరి ఆ మాట రాయండి. పనులు వాటంతటవే పడవు, ఎవరో ఒకరు పడేస్తారు. శాఖలో ముప్ఫై ఏళ్ళు నేనూ ఈ ‘బడింది’ చాటునే బతికాను. మీకొద్దు.”

అక్కడే ఆయన బల్ల మీదే ఆ మాటలు కొట్టేసి, ‘నేను కుదించాను’, ‘నేను చదవలేదు’ అని పైన రాశాను. ఆయన అప్పుడే ఫోనందుకుని నిధులిచ్చే సంస్థ వాళ్ళకు చేశారు. పోయిన వారం నేను చెప్పింది తప్పు, వివరం రాతలో పంపిస్తున్నాను అని రెండు ముక్కల్లో చెప్పి పెట్టేశారు. పెట్టేశాక ముఖం బాగా వాడిపోయింది. తర్వాత డైరీ తెరిచి, ఆ అమ్మాయి గడువు గురించి రాసుకున్న లైను అడ్డంగా కొట్టేశారు. ఆమెను ఇంకో ఏడాది ఉంచడమే కాదు, ఏప్రిల్లో మిగతా ఏడుగురికీ ప్రశ్న ఎట్లా అడగాలో ఆమె చేతే చెప్పించమన్నారు.

శుక్రవారం సమావేశం ఏమంత బాగా జరగలేదు. వచ్చినవాళ్ళు మర్యాదగానే విన్నారు, ముఖాలు మాత్రం చప్పబడ్డాయి. వచ్చే మూడు నెలల అంకెలు చూశాక మాట్లాడుకుందాం అని లేచారు. డైరెక్టర్ గారు నన్నేమీ అనలేదు.

శనివారం సెలవు. ఫోన్లో చెప్పొచ్చు గానీ, గట్టు మీద నేను పెట్టిన చీవాట్లు ఫోన్లో పెట్టినవి కావుగా. నోటు కాపీ ఒకటి సంచిలో పెట్టుకుని మళ్ళీ బస్సెక్కాను. ఆ అమ్మాయి ఇంటి ముందు అరుగు మీద కూర్చుని పాపకు జడ వేస్తోంది. ఉద్యోగం పోదని చెప్పాను. చేతిలో జడ చేతిలోనే ఉండగా కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంది, దేవుడికే చెప్పుకుని ఉంటుంది. తర్వాత లోపలికి పోయి నాకు టీ తెచ్చింది. నేను నోటు ఇచ్చాను. నీ వల్ల రాసిన నోటిది, చదువు అన్నాను. నాలో నాకు కొంచెం గర్వం లేకపోలేదు. ఒప్పుకోవడానికి కూడా ధైర్యం కావాలి కదా అని, ఎవరైనా గుర్తిస్తే బాగుండునని.

ఆమె వేలు పెట్టి నెమ్మదిగా చదివింది. ఒకచోట ఆగింది. “రిమార్కులు చూశానన్నారుగా మేడం ఆ రోజు?”

“అబద్ధం చెప్పానమ్మా.”

ఆమె తలూపి మళ్ళీ చదివింది. ఇంకోచోట ఆగింది. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు: “ఒక క్షేత్రస్థాయి కార్యకర్త ఈ లోపాన్ని అక్టోబరులోనే గుర్తించి తెలియజేశారు.”

“ఇది నేనేనా?”

నువ్వేనన్నాను.

ఆమె కాగితం మడిచి నాకిచ్చేసింది. కోపంగా ఏమీ కాదు, మామూలుగానే అడిగింది. “చేసిన తప్పుకి నేను, నేను అని రెండుసార్లు రాసుకున్నారు. చేసిన పనికి నేను ‘ఒక కార్యకర్త’నా మేడం?”

టీ గ్లాసు పక్కన పెట్టాను. మా డైరెక్టర్ గారి పెన్నుకు కూడా చిక్కనిది ఆమె వేలికి చిక్కింది. నోటు మడత విప్పి, అరుగు మీద పెట్టుకుని, ‘ఒక క్షేత్రస్థాయి కార్యకర్త’ అన్నది కొట్టేసి, పైన ఆమె పేరు రాశాను. ఇంటిపేరుతో సహా, ఆమె చెప్పిన స్పెల్లింగుతో. సోమవారం డైరెక్టర్ గారికీ, నిధులిచ్చే సంస్థ వాళ్ళకూ సవరించిన కాపీ పంపాను. ఒక్క పేరు కోసం మళ్ళీ పంపడమేమిటని ఒకరడిగారు. అవునండి, ఒక్క పేరు కోసమే అన్నాను.

ఇది రాస్తున్నప్పుడు ఎవరి పేర్లూ రాయకూడదనుకున్నాను, రాయలేదు. ఆమె పేరు ఇక్కడ లేదు. ఆ నోటులో ఉంది.